రాత్రి డ్యూటీలో, స్టీరింగ్ మీద ఉంటూ సిగరెట్ మానడం ఎలా?

సిగరెట్ మానమని చెప్పే సలహాలు చాలావరకు రాత్రి పడుకుని పొద్దున లేచేవాళ్ల కోసం రాసినవి. పొద్దున్నే నికోటిన్ ప్యాచ్ అంటించుకోండి, వేళకు తినండి, కంటినిండా నిద్రపోండి, తాగాలనిపిస్తే లేచి కాసేపు నడవండి అంటాయి. మీరేమో మధ్యాహ్నం మూడింటికి లేస్తారు. భోజనం ఎక్కడ ఆగితే అక్కడ. తాగాలనిపించినప్పుడు మీ చేతిలో స్టీరింగ్ ఉంటుంది, లేదా మెషీన్ నడుస్తూ ఉంటుంది. పైగా తెల్లవారుజామున మూడింటికి మీరు వెలిగించే సిగరెట్ చాలాసార్లు నిద్ర ఆపుకోవడానికే. ఆ సిగరెట్‌ని తీసేసి దాని చోట ఏమీ పెట్టకపోతే కష్టమే కాదు, బండి నడిపేవాళ్లకు ప్రమాదం కూడా.

అందుకే కింది పద్ధతి గోడ గడియారాన్ని బట్టి కాకుండా మీ మెలకువను బట్టి నడుస్తుంది. మీరు నిద్ర లేచిన క్షణమే మీ రోజుకు సున్నా గంట. ప్యాచ్, నికోటిన్ చూయింగ్ గమ్, టీ, కునుకు అన్నీ అక్కడి నుంచే లెక్క. ఇందులో టీ, కాఫీల విషయం ఎక్కువమందికి తెలియదు, దాన్ని మాత్రం దాటేయకుండా చదవండి.

1. ముందు నాలుగైదు డ్యూటీలు రాసి చూసుకోండి

ఇంకా మానకండి. తాగుతూనే ఉండండి, కానీ ప్రతిదీ రాయండి. ఫోన్లో రాసుకోవచ్చు గానీ, ప్యాకెట్‌కి ఒక కాగితం రబ్బరు బ్యాండుతో చుట్టి పెట్టుకుంటే మరిచిపోరు, ఎందుకంటే ఆ కాగితం విప్పకుండా సిగరెట్ బయటికి రాదు. రెండే విషయాలు రాయాలి: లేచి ఎన్ని గంటలైంది, ఎందుకు వెలిగించారు. "ఎందుకు" అన్నదానికి పెద్ద వాక్యాలు అక్కర్లేదు. ఒంట్లో లాగుతోంది, నిద్ర వస్తోంది, ఖాళీగా ఉన్నాను, తిన్నాను కాబట్టి, పక్కవాడు వెలిగించాడు... ఇలా ఒక్క ముక్క చాలు.

ఒక లారీ డ్రైవర్‌ని ఉదాహరణగా తీసుకుందాం. మధ్యాహ్నం 3 గంటలకు లేస్తాడు, సాయంత్రం 6కి బండి ఎక్కుతాడు, ఉదయం 6కి దిగుతాడు, ఏడున్నరకల్లా పడుకుంటాడు. మెలకువగా ఉన్నంతసేపట్లో 18 సిగరెట్లు, 8 టీలు. కాగితం మీద లెక్క ఇలా తేలింది: లేచాక డ్యూటీ ఎక్కేలోపు 4, అందులో మొదటిది లేచిన ఇరవై నిమిషాల్లోనే. రోడ్డు మీద 11. దిగాక పడుకునేలోపు 3. ఆ పదకొండులో 5 రాత్రి రెండు నుంచి ఐదు మధ్యలో, నిద్ర ఆపుకోవడానికి. 4 లోడింగ్ కోసం, గేటు దగ్గర వంతు కోసం ఎదురుచూస్తూ. మిగతా 2 తిన్నాక.

ఈ లెక్క ఎందుకంటే, వీటన్నిటికీ మందు ఒకటి కాదు. లేవగానే తాగేది శరీరం అడిగే నికోటిన్. దానికి ప్యాచ్, గమ్ పనిచేస్తాయి. మూడింటికి తాగేది నిద్రలేమి. దానికి ప్యాచ్ సరిపోదు, కునుకే కావాలి. గేటు దగ్గర తాగేది చేతికి, నోటికి పని లేకపోవడం. ఈ తేడా తెలియకుండా "మనోబలం ఉండాలి" అనుకుంటూ దిగినవాళ్లు ఎక్కువగా మూడో రకం దాటి, రెండో రకం దగ్గర ఓడిపోతారు.

2. మానే రోజును డ్యూటీ చార్టు చూసి పెట్టుకోండి

నికోటిన్ ఒంట్లోంచి త్వరగానే పోతుంది. రెండు గంటలు తిరిగేసరికి రక్తంలో ఉన్నది దాదాపు సగమవుతుంది. మానేశాక చిరాకు, తలనొప్పి, ఏకాగ్రత కుదరకపోవడం, మగత లాంటివి మొదటి రెండు మూడు రోజుల్లో గట్టిగా ఉండి, తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో నెమ్మదిగా తగ్గుతాయి. మీకు కావలసింది ఆ మొదటి మూడు రోజులు బండికి దూరంగా గడపడం. వరసగా రెండు మూడు రోజులు సెలవు దొరికే చోట మొదలుపెట్టండి. పగలు డ్యూటీ నుంచి రాత్రి డ్యూటీకి మారే వారంలో మాత్రం వద్దు. అప్పుడు నిద్ర ఎలాగూ పాడవుతుంది, ఆ బాధంతా సిగరెట్ మానడం వల్లే అనిపిస్తుంది.

సెలవు దొరకని వాళ్లకు ఒక దారి ఉంది. డ్యూటీ దిగి పడుకునే ముందు తాగేది ఆఖరు సిగరెట్ చేసుకోండి. నిద్రలో ఆరేడు గంటలు ఎలాగూ గడిచిపోతాయి. లేచేసరికి ఒంట్లో నికోటిన్ చాలా తక్కువ ఉంటుంది కాబట్టి ఆ మొదటి గంట గట్టిగా లాగుతుంది. అందుకు కావలసినవి పడుకునే ముందే మంచం పక్కన పెట్టుకోవాలి: ప్యాచ్, గమ్, ఒక గ్లాసు నీళ్లు. దగ్గరలో కుదిరే డ్యూటీల్లో చిన్నవి, తెలిసిన రూట్లు ఎంచుకోండి. పై అధికారితో మాట్లాడగలిగితే "ఈ వారం సిగరెట్ మానుతున్నా, లాంగ్ ట్రిప్ వెయ్యొద్దు" అని ముందే చెప్పండి.

3. ప్యాచ్, గమ్: లేచిన గంట నుంచి లెక్క

ప్యాచ్ చర్మం ద్వారా నికోటిన్‌ని కొద్దికొద్దిగా, రోజంతా ఇస్తుంది. గమ్, లేదా నోట్లో చప్పరించే నికోటిన్ బిళ్ల, అప్పటికప్పుడు వచ్చే కోరికకు. ఈ రెండూ కలిపి వాడితే ఒక్కదానితో కంటే మానేవాళ్లు ఎక్కువ, ఇది పరీక్షల్లో బాగా రుజువైన విషయం. సిగరెట్‌లో మనిషిని చంపేది ప్రధానంగా పొగలోని తారు, కార్బన్ మోనాక్సైడ్, ఇంకా ఇతర విషపదార్థాలు. అవి ప్యాచ్‌లో ఉండవు. "ఒక వ్యసనం పోయి ఇంకోటి" అన్న భయంతో వీటిని పక్కన పెట్టకండి. ఇంతలేసి గంటలు మెలకువగా ఉండి పనిచేసేవాళ్లు మందు సాయం లేకుండా మానాలని పట్టుబట్టడం నాకు సరైనదనిపించదు.

రోజుకు పదికి మించి తాగేవాళ్లకు 24 గంటల ప్యాచ్‌లో సాధారణంగా 21 మిల్లీగ్రాములతో మొదలవుతుంది. ఆరు వారాలు అది, తర్వాత రెండు వారాలు 14, ఆపైన రెండు వారాలు 7. గమ్ 2, 4 మిల్లీగ్రాముల్లో వస్తుంది. లేచిన అరగంటలోపే మొదటిది వెలిగించేవాళ్లు ఒక్క గమ్‌తోనే మానాలనుకుంటే 4 కావాలి. ప్యాచ్ తోడుగా ఉంటే చాలామందికి 2 సరిపోతుంది. గుండెపోటు ఈమధ్యే వచ్చి ఉన్నా, గుండె లయ తప్పుతున్నా, గర్భంతో ఉన్నా డాక్టర్‌ని అడగకుండా ఇవేవీ మొదలుపెట్టకండి.

ప్యాచ్‌ని లేవగానే, వెంట్రుకలు లేని, శుభ్రంగా, పొడిగా ఉన్న చర్మం మీద అంటించాలి. భుజం కింద, చేతి పైభాగం బాగుంటుంది. అరచేతితో పది సెకన్లు గట్టిగా ఒత్తి పట్టుకోండి, తర్వాత చేతులు కడుక్కోండి. ఆ చోటే మళ్లీ కనీసం వారం దాకా వద్దు, దురద, ఎర్రదనం వస్తాయి. ప్యాచ్ అంటించగానే పనిచేయదు, రక్తంలో స్థాయి పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది. కాబట్టి లేచిన మొదటి గంట గమ్‌దే. మన డ్రైవర్ 3 గంటలకు ప్యాచ్, 3:05కి గమ్ అని పెట్టుకున్నాడు. పడుకునే ముందు, ఏడు గంటలప్పుడు ప్యాచ్ తీసేస్తాడు. పదహారు గంటలయ్యాయి, చాలు. నిద్రలో కూడా ఉంచుకుంటే కొందరికి నిద్ర చెదిరిపోయి, విచిత్రమైన కలలు వస్తాయి. పగటి నిద్ర అసలే పలచన, దాన్ని ఇంకా చెడగొట్టుకోకూడదు. తీసిన ప్యాచ్‌లో ఇంకా నికోటిన్ ఉంటుంది, అంటుకునే వైపులు కలిపి మడిచి పిల్లలకు అందని చోట పారేయండి.

కొంతమంది మూడు గంటలొకసారి, రెండు గంటలొకసారి ముక్కలు ముక్కలుగా నిద్రపోతారు. వాళ్లకు లేచిన గంట అన్నది ఒకటే ఉండదు. అలాంటప్పుడు ఎక్కువసేపు పడుకున్న నిద్ర తర్వాత కొత్త ప్యాచ్ వేసి, మధ్యలో తీసి వేయకుండా ఉంచండి. 24 గంటల్లో కొత్తది ఒక్కటే, రెండు ఒకేసారి వద్దు.

ఇక గమ్. దీన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలేసి "పనిచేయలేదు" అని పారేసేవాళ్లే ఎక్కువ. నికోటిన్ చెంప లోపలి చర్మం గుండా ఎక్కాలి. నెమ్మదిగా నమలండి, మిరియపు ఘాటు, చిన్న చురుకు తగులుతుంది. అక్కడ నమలడం ఆపి, దాన్ని చెంపకూ చిగురుకూ మధ్య ఉంచండి. ఘాటు తగ్గాక మళ్లీ రెండు మూడు సార్లు నమిలి, ఈసారి రెండో చెంప వైపు పెట్టండి. ఇలా అరగంట. గబగబా నమిలి మింగితే నికోటిన్ పొట్టలోకి పోయి ఎక్కిళ్లు, గుండెల్లో మంట, వికారం వస్తాయి, కోరిక మాత్రం తగ్గదు.

ఇంకో అడ్డంకి ఉంది, మీకు అది రోజూ తగులుతుంది. టీ, కాఫీ, పండ్లరసం, కూల్‌డ్రింక్ లాంటివి నోట్లో పుల్లదనాన్ని పెంచుతాయి, పుల్లగా ఉన్న నోట్లో నికోటిన్ సరిగా ఎక్కదు. గమ్‌కి ముందు పదిహేను నిమిషాలు, నములుతున్నంతసేపు ఇవేవీ వద్దు. నీళ్లు పుక్కిలించి మొదలుపెట్టండి.

మొదటి ఆరు వారాలు మెలకువగా ఉన్న సమయంలో గంట, రెండు గంటలకొకటి చొప్పున వాడమని సాధారణ లెక్క. ఇది గమ్ ఒక్కటే వాడేవాళ్లకు. ప్యాచ్ కూడా ఉంటే అవసరమైనప్పుడే వాడండి, కోరిక పెరిగాక కాదు, పెరిగే చోటికి పది నిమిషాల ముందు. గేటు దగ్గర వంతు వస్తుందని మీకు ముందే తెలుసు కదా. డబ్బా మీద రాసిన రోజువారీ గరిష్ఠం దాటకండి. నికోటిన్ ఎక్కువైతే వికారం, చల్లచెమటలు, తల తిరగడం, గుండె దడ వస్తాయి. తక్కువైతే చిరాకు, తాగాలన్న ఆత్రం ఆగకుండా ఉంటాయి. రెండింటి మధ్య తేడా చూసుకుని మోతాదు మార్చుకోవచ్చు.

మాత్రలు కూడా ఉన్నాయి: వరెనిక్లిన్, బుప్రోపియాన్. రెండూ డాక్టర్ చీటీ మీదే. వరెనిక్లిన్‌ని మానే రోజుకు వారం రెండు వారాల ముందే మొదలుపెట్టి, కడుపునిండా తిన్నాక ఒక గ్లాసు నీళ్లతో వేసుకోవాలి, లేకపోతే వాంతులు. వేళాపాళా లేని తిండి ఉన్నవాళ్లకు ఇది ఇబ్బందే. కొందరికి మగత, తల తిరగడం వస్తాయి కాబట్టి ఒంటికి ఎలా పడుతోందో తెలిసేదాకా బండి నడపకూడదు. బుప్రోపియాన్ ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినవాళ్లకు పనికిరాదు, నిద్ర కూడా తగ్గించవచ్చు. "నేను రాత్రి బండి నడుపుతాను, పగలు ముక్కలుగా నిద్రపోతాను" అని డాక్టర్‌కి మొదటి మాటగా చెప్పండి.

4. టీ, కాఫీ సగానికి తగ్గించండి

సిగరెట్ పొగలోని కొన్ని పదార్థాలు కాలేయంలో ఒక ఎంజైమ్‌ని బాగా పెంచుతాయి. కెఫీన్‌ని కరిగించి బయటికి పంపేది ఆ ఎంజైమే. అందుకే పొగతాగేవాళ్ల ఒంట్లో టీ, కాఫీల ప్రభావం త్వరగా తగ్గిపోతుంది, మళ్లీ ఇంకో కప్పు కావాలనిపిస్తుంది. సిగరెట్ మానిన కొద్ది రోజుల్లోనే ఆ ఎంజైమ్ మామూలు స్థాయికి దిగుతుంది. మీరు అలవాటు ప్రకారం అన్నే కప్పులు తాగుతుంటే, రక్తంలో కెఫీన్ అంతకుముందు ఉన్నదానికి రెండింతల దాకా చేరవచ్చు.

అప్పుడేం జరుగుతుందంటే, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, ఊరికే టెన్షన్, పక్క మీదకు చేరినా నిద్ర పట్టదు. ఇవన్నీ సిగరెట్ మానిన బాధల్లాగే ఉంటాయి. "మానేస్తే నిద్రే పట్టట్లేదు, ఇక నావల్ల కాదు" అని మళ్లీ వెలిగించేవాళ్లలో కొందరిని ఓడించింది సిగరెట్ కాదు, ఎప్పటిలాగే తాగిన ఎనిమిది కప్పులు. ప్యాచ్, గమ్‌ల వల్ల ఈ ఎంజైమ్ పెరగదు, దాన్ని పెంచేది పొగే. కాబట్టి ప్యాచ్ మీద ఉన్నా ఈ మార్పు వస్తుంది.

చేయాల్సింది సులువే. మానే రోజునే కప్పుల సంఖ్య సగం చేయండి. ఒక్కసారిగా సున్నా చేయకండి, తలనొప్పి, మగత ఇంకో పక్కనుంచి వస్తాయి. ఎనర్జీ డ్రింకులు కూడా ఈ లెక్కలోకే. ఆఖరి కప్పుకూ పడుకోవడానికీ మధ్య కనీసం ఆరు గంటలు ఉండాలి. మన డ్రైవర్ ఎనిమిది టీలను నాలుగు చేశాడు: లేచాక గమ్ అయిపోయాక ఒకటి, సాయంత్రం ఏడింటికి ఒకటి, రాత్రి పదిన్నరకు ఒకటి, రాత్రి ఒకటింబావుకు ఆఖరిది. అతను పడుకునేది ఏడున్నరకు, కాబట్టి ఆరు గంటలు దాటుతుంది.

ఇదే ఎంజైమ్ కొన్ని మందుల్ని కూడా కరిగిస్తుంది. ఉబ్బసానికి వాడే థియోఫిలిన్, మానసిక ఆరోగ్యానికి వాడే క్లోజపిన్, ఒలాంజపిన్ అందులో ముఖ్యమైనవి. ఇవి వాడేవాళ్లు మానే ముందే డాక్టర్‌కి చెప్పాలి, మోతాదు తగ్గించాల్సి రావచ్చు. షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునేవాళ్లు కూడా మానేశాక చక్కెర తరచుగా చూసుకోండి, మోతాదు మారే అవకాశం ఉంది.

5. రాత్రి రెండు నుంచి ఐదు దాకా

శరీర గడియారం ప్రకారం ఈ మూడు గంటల్లోనే మెదడు అందరికీ మందగిస్తుంది, ఎన్నేళ్ల అనుభవం ఉన్నా సరే. ఇన్నాళ్లూ నికోటిన్ ఆ మగతను కాసేపు కప్పిపెట్టింది. ఇప్పుడు ఆ ముసుగు లేదు. మానిన మొదటి రోజుల్లో ఈ సమయం ఇంకా బరువుగా ఉంటుంది. ఇక్కడ సిగరెట్‌కి బదులు కిటికీ దించడం, పాటల సౌండ్ పెంచడం పనిచేయవు, కొన్ని నిమిషాలే ఆగుతాయి. కునుకే పనిచేస్తుంది.

కెఫీన్ ఎక్కడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఆ సమయాన్నే కునుకుకు వాడుకోవాలి. మన డ్రైవర్ రాత్రి ఇలా చేస్తాడు. ఒకటింబావుకు, నిద్ర ఇంకా ముంచుకు రాకముందే, వెలుతురున్న సురక్షితమైన చోట బండి ఆపుతాడు. బాత్రూమ్‌కి వెళ్లొచ్చి టీ తాగుతాడు, కానీ టీ కొట్టు ముందు నిలబడకుండా కప్పు తెచ్చుకుని బండిలోనే. ఫోన్లో ఇరవై నిమిషాలకు అలారం పెట్టి, సీటు వెనక్కి వాల్చి, కళ్ల మీద తువ్వాలు కప్పుకుంటాడు. నిద్ర పట్టకపోయినా కళ్లు మూసుకునే ఉంటాడు. అలారం మోగగానే దిగి ముఖం కడుక్కుని, నోట్లో నీళ్లు పుక్కిలించి, బండి చుట్టూ రెండు సార్లు తిరిగి టైర్లు చూసుకుంటాడు. టీ తాగి పదిహేను నిమిషాలు దాటింది కాబట్టి ఇప్పుడు గమ్. లేచిన వెంటనే తల ఇంకా మొద్దుబారి ఉంటుంది, అందుకే పది పదిహేను నిమిషాలు ఆగాకే స్టార్ట్ చేస్తాడు. మొత్తం ముప్పావు గంట అవుతుంది. వెనక ఐదు సిగరెట్లకు ఆగుతూ ఆగుతూ పోయిన సమయం కంటే ఇదేమంత ఎక్కువ కాదు.

కునుకు ఇరవై నిమిషాలు దాటకూడదు. గాఢనిద్రలోకి వెళ్లి లేస్తే అరగంట దాకా మత్తు వదలదు. మళ్లీ నాలుగింటికి రెప్పలు బరువెక్కితే, వెనక కిలోమీటరు ఎలా వచ్చారో గుర్తు రాకపోతే, బండి గీత దాటి పక్కకు పోతుంటే, ఇవి తాగాలన్న కోరిక లక్షణాలు కావు. ఆపి పడుకోవాల్సిందే. అప్పుడు టీ కూడా వద్దు, కునుకు ఒక్కటే. ఫ్యాక్టరీలో, ఆసుపత్రిలో, సెక్యూరిటీలో పనిచేసేవాళ్లకు బ్రేక్‌లో ఇలాంటి కునుకు అనుమతిస్తారేమో అడగండి, కుదరకపోతే కనీసం మెషీన్ పనుల్లో జాగ్రత్త ఎక్కువ అవసరమైనవి ఆ గంటల్లో పెట్టుకోకండి.

6. బండి, ఆగే చోట్లు

మానే ముందు రోజు బండిని లోపల కడిగించండి. సీటు కవర్లు, కర్టెన్లు, పైకప్పు గుడ్డ పొగ వాసనను పట్టుకుని వదలవు, ఎండకు కేబిన్ వేడెక్కితే ఆ వాసన మళ్లీ లేస్తుంది. యాష్‌ట్రే తీసేయండి. లైటర్ పాయింట్‌లో ఛార్జర్ పెట్టేయండి. డ్యాష్‌బోర్డు అరలో, సీటు కింద, చొక్కా జేబుల్లో వెతకండి, ఎక్కడో ఒక్కటి మిగిలిపోయి ఉంటుంది. "ఎమర్జెన్సీకి ఒకటి ఉంచుకుందాం" అన్న ఆలోచన రానివ్వకండి. తాగాలన్న ఆత్రం ఒకసారి లేస్తే చాలావరకు కొన్ని నిమిషాలే ఉంటుంది. సిగరెట్ చేతికి అందకపోతే ఆ నిమిషాలు గడిచిపోతాయి, అందితే గడవవు.

ఆగే చోట్లు మార్చండి. ఎప్పుడూ ఆగే చోట మీ చెయ్యి జేబులోకి దానంతటదే వెళ్తుంది. మొదటి నెల అయినా వేరే చోట ఆగండి. తప్పనిసరిగా అక్కడే ఆగాలంటే పనుల వరస మార్చండి: ముందు బాత్రూమ్, తర్వాత నీళ్లు, తర్వాత తిండి, తిన్న వెంటనే పళ్లు తోముకోవడం. బ్రష్ కేబిన్‌లోనే ఉంచండి.

లోడింగ్ దగ్గర వంతు కోసం గంటలు గంటలు ఎదురుచూడటం వేరే సమస్య. అక్కడ నలుగురూ గుంపుగా నిలబడి వెలిగిస్తారు, ఒకరు మీకూ చాపుతారు. "మానేశాను" అంటే "ఒక్కదానికేముంది అన్నా" అని మొదలవుతుంది. దానికి వాదన అక్కర్లేదు. "డాక్టర్ మందు వేసుకుంటున్నా, దీంతో కలిపి తాగకూడదు" అంటే ఎవరూ బలవంతం చేయరు. ఆ తర్వాత అక్కడ నిలబడకుండా బండి దగ్గరకు వెళ్లిపోండి. చేతికి పని పెట్టుకోండి: కాగితాలు సర్దుకోవడం, అద్దాలు తుడవడం, ఇంటికి ఫోన్ చేయడం. కూడా వచ్చే క్లీనర్, లేదా రెండో డ్రైవర్ తాగేవాడైతే, మొదటి రోజునే కేబిన్‌లో తాగొద్దని, కిందికి దిగి తాగమని అడగండి. ఈ మాట ముందే ఖరారు చేసుకోకపోతే రెండో రాత్రికి గొడవవుతుంది.

7. తిండి

ఆకలి చాలాసార్లు సిగరెట్ కోరికలాగే కనిపిస్తుంది. తినకుండా ఐదారు గంటలు నడిపితే చిరాకు, తల తేలిపోవడం వస్తాయి, చెయ్యి సిగరెట్ వెతుక్కుంటుంది. లేచాక ఒక పూర్తి భోజనం, డ్యూటీ మొదటి సగంలో ఇంకోటి, అర్ధరాత్రి దాటాక తేలికైనవి మాత్రమే: పళ్లు, వేయించిన గింజలు, ఉడికించిన గుడ్లు లాంటివి. అర్ధరాత్రి బరువుగా తింటే మగత పెరుగుతుంది, పైగా తిన్నాక తాగే అలవాటు కూడా తట్టి లేపుతుంది. బరువు కొంత పెరుగుతారు, మానిన మొదటి ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు. బరువు చూసి భయపడి మళ్లీ మొదలుపెట్టకండి. మలబద్ధకం కూడా కొన్ని వారాలు ఇబ్బంది పెట్టవచ్చు, నీళ్లు ఎక్కువ తాగాలి. బాత్రూమ్‌కి ఆగాల్సి వస్తుందని నీళ్లు తగ్గించే అలవాటు డ్రైవర్లలో ఉంటుంది, ఈ వారాల్లో అది వద్దు.

8. డ్యూటీ దిగాక

మన డ్రైవర్ లెక్కలో ఇంకా 3 సిగరెట్లు మిగిలాయి: దిగాక, పడుకునేలోపు. ఇవి "పని అయిపోయింది" అని ఒంటికి చెప్పే గుర్తు. నికోటిన్ ఉత్తేజం కలిగించేదే కాబట్టి అవి నిజానికి నిద్రను ఆలస్యం చేస్తూ వచ్చాయి. దిగగానే స్నానం చేసి, ప్యాచ్ తీసేసి, కొంచెం తిని, గది బాగా చీకటి చేసుకుని పడుకోండి. ఈ వరస రోజూ మారకుండా ఉంటే రెండు మూడు వారాల్లో ఆ గుర్తు స్థానంలోకి ఇది వస్తుంది. మొదటి వారం నిద్ర మధ్యలో మెలకువ రావడం మామూలే. అప్పుడు కెఫీన్ ఎంత తాగారో ముందు చూసుకోండి.

9. ఒకటి తాగేస్తే

ఆ రాత్రి ఎప్పుడు, లేచిన ఎన్నో గంటకు, ఎందుకు తాగారో అదే కాగితం మీద రాయండి. ప్యాచ్ పీకేయనక్కర్లేదు, మరుసటి మెలకువకు కొత్తది మామూలుగానే వేసుకోండి. కానీ ప్యాకెట్ కొనుక్కున్నారో, అడిగి తీసుకున్నారో చూడండి. కొనుక్కుని ఉంటే మిగతావి అక్కడే నీళ్లలో ముంచేయండి. కారణం నిద్ర అయితే కునుకు అరగంట ముందే తీయండి. లేచిన మొదటి గంట అయితే గమ్ సరిగ్గా నమిలారో లేదో చూసుకోండి, లేదా మోతాదు చాలదేమో మందుల షాపులో ఫార్మసిస్ట్‌ని, డాక్టర్‌ని అడగండి. మళ్లీ రోజూ రెండు మూడు అవుతుంటే కొత్త తేదీ పెట్టుకుని, ఈసారి మాత్రల సంగతి కూడా డాక్టర్‌తో మాట్లాడండి.

కొత్త రూట్, కొత్త షిఫ్ట్, పండగ సీజన్ రద్దీ లాంటివి వచ్చిన వారాల్లో ప్యాచ్ మోతాదు తగ్గించకండి, ఆ వారం పాతదే కొనసాగించి తర్వాత తగ్గించండి. మానిన కొన్ని వారాల దాకా దగ్గు కొంచెం పెరగడం, కఫం రావడం ఉండవచ్చు, ఊపిరితిత్తులు తమను తాము శుభ్రం చేసుకోవడం మళ్లీ మొదలుపెట్టాయని అర్థం. అయితే దగ్గులో రక్తం పడినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా, మనసు రెండు వారాలు దాటినా తేరుకోకుండా బాగా కుంగిపోయినా వాటిని మానడం వల్లే అనుకుని ఊరుకోకండి. బండి పక్కన పెట్టి డాక్టర్‌ని కలవండి.